సెక్షన్ 94 ప్రిపరేషన్: వయసు లెక్క తప్పితే కోర్టే మారిపోతుంది

జూనియర్ సివిల్ జడ్జి మెయిన్స్‌కైనా, ఏపీపీ పరీక్షకైనా చదివేవాళ్లు జువెనైల్ జస్టిస్ చట్టంలో వయసు ఎలా తేల్చాలో చెప్పే సెక్షన్ 94ని బట్టీ పట్టి వదిలేస్తుంటారు. సెక్షన్ అందరూ రాస్తారు. మార్కులు పోయేది దాన్ని తేదీలతో కలిపి నడిపించాల్సిన చోట. అందుకే ఒకే ఒక్క ఊహా కేసు పట్టుకుని చివరిదాకా వెళ్దాం.

దేవరకొండ దగ్గర ఒక తండా. 2022 ఆగస్టు 14న హత్య జరిగింది. కుర్రాడు 2024 ఫిబ్రవరిలో దొరికాడు. రిమాండ్ రిపోర్టులో పోలీసులు అతని ఆధార్ చూసి పుట్టిన తేదీ 1-1-2004 అని రాశారు. అంటే నేరం నాటికి 18 ఏళ్ల 7 నెలలు. తల్లిదండ్రులు ఏటా ఇటుక బట్టీలకు వలస పోయేవాళ్లు, పుట్టుక ఎక్కడా నమోదు కాలేదు. పిల్లవాడు ఏడో తరగతితో బడి మానేశాడు కాబట్టి పదో తరగతి మెమో లేదు. ఊరి బడి అడ్మిషన్ రిజిస్టర్‌లో మాత్రం పుట్టిన తేదీ 10-6-2005, చేరిన తేదీ 14-6-2010 అని ఉంది. తల్లిని అడిగితే 'పత్తి ఏరే కాలంల పుట్టిండు' అంటుంది.

మొదట తేల్చాల్సింది ఏ రోజు నాటి వయసు అన్నది. పట్టుకున్న రోజుదీ కాదు, కోర్టు ముందు నిలబెట్టిన రోజుదీ కాదు. నేరం జరిగిన రోజుదే. ఈ విషయాన్ని ప్రతాప్ సింగ్ కేసులో 2005లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది, 2015 జువెనైల్ జస్టిస్ చట్టం దాన్ని నిర్వచనంలోనే పెట్టింది. మన కేసులో కుర్రాడికి ఇప్పుడు 18 దాటినా, నేరం నాటికి దాటకపోతే సెక్షన్ 6 కింద అతన్ని బాలుడిగానే చూడాలి. 'ఇప్పుడు మేజరే కదా' అని రాసిన జవాబు అక్కడే పోయినట్టు.

ఇక సాక్ష్యాల వరుస. చూడగానే బాలుడని స్పష్టంగా తెలిస్తే జువెనైల్ జస్టిస్ బోర్డు ఆ మాట రాసుకుని ముందుకు వెళ్లొచ్చు. సందేహం ఉంటే మూడు మెట్లు. మొదటి మెట్టు మీద బడి ఇచ్చే పుట్టిన తేదీ సర్టిఫికెట్, పదో తరగతి సర్టిఫికెట్ పక్కపక్కనే ఉంటాయి. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఈ రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష, అంటే ఆసిఫికేషన్ టెస్ట్, లేదా మరో వైద్య పరీక్ష. ఆదేశం ఇచ్చిన 15 రోజుల్లో అది పూర్తి కావాలి. పాత గైడ్లతో ఇక్కడ జాగ్రత్త. పాత చట్టం కింద వచ్చిన 2007 రూల్స్‌లో 12వ రూల్ ప్రకారం పదో తరగతి సర్టిఫికెట్ ముందు, మొదట చేరిన బడి సర్టిఫికెట్ ఆ తర్వాత వచ్చేవి. వైద్య పరీక్షలో ఒక ఏడాది తగ్గించే వెసులుబాటూ ఆ రూల్‌లోనే ఉండేది. సెక్షన్ 94లో ఆ ఏడాది మాట లేదు. రెండింటినీ కలిపి రాసే జవాబులు చాలా కనిపిస్తాయి.

ఆధార్ ఈ మూడు మెట్లలో ఎక్కడా లేదు. పుట్టిన తేదీకి ఆధార్ రుజువు కాదని 2024లో ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. జనవరి 1 అని కనిపిస్తే, తేదీ తెలియక వేసిన అంకె కావచ్చని అనుమానించండి.

బడి రిజిస్టర్ దగ్గర కాస్త ఆగాలి, అసలు వాదన జరిగేది ఇక్కడే. ఒకటో తరగతిలో చేర్చుకునే నాటికి ఐదేళ్లు నిండేలా జూన్ తేదీ రాసేయడం మన ఊళ్లలో అందరికీ తెలిసిన అలవాటే. మన కుర్రాడికీ చేరిన రోజుకు ఐదేళ్ల నాలుగు రోజులు. అందుకే తేదీ చెప్పింది ఎవరు, దేన్ని చూసి రాశారు, వరుస నంబరు సరిగ్గా ఉందా, దిద్దుళ్లు ఉన్నాయా అని అడుగుతారు. ఆధారం చెప్పేవాళ్లు లేని రిజిస్టర్ ఎంట్రీకి విలువ పెద్దగా ఉండదని బిరద్ మల్ సింఘ్వీ కేసులో 1988లోనే చెప్పారు. టీసీ, అడ్మిషన్ రిజిస్టర్ నకలు సెక్షన్ 94 అడిగిన పత్రాలు కావని పి. యువప్రకాశ్ కేసులో 2023లో అన్నారు. కాబట్టి వాదించే పక్షం టీసీ పెట్టేసి ఊరుకోకూడదు. హెడ్‌మాస్టర్ నుంచి పుట్టిన తేదీ సర్టిఫికెట్ తీసుకోవాలి, అసలు రిజిస్టర్‌తో ఆయన్ని సాక్షిగా పిలిపించాలి. బోర్డు కాని కోర్టులో ఈ విచారణ నడిస్తే సెక్షన్ 9 ప్రకారం అఫిడవిట్ చాలదు, సాక్ష్యం తీసుకోవాల్సిందే.

తల్లి మాట రిజిస్టర్‌ను కొట్టేయదు గానీ, ఎటు లాగుతుందో చూడండి. పత్తి ఏరేది నవంబరు ప్రాంతంలో. 2004 నవంబరు అయితే నేరం నాటికి 17 ఏళ్ల 9 నెలలు, 2005 నవంబరు అయితే 16 ఏళ్ల 9 నెలలు. రిజిస్టర్ ప్రకారం 17 ఏళ్ల 2 నెలల 4 రోజులు. జూన్ తేదీ నిజం కాకపోయినా ఎటు చూసినా 16, 18 మధ్యే. ఈ లెక్క జవాబులో కనిపిస్తే పేపర్ దిద్దేవారికి మీరు సమస్యను పట్టుకున్నారని అర్థమవుతుంది.

ఒకవేళ బడి రిజిస్టరే లేదనుకోండి. 2024 ఫిబ్రవరి 20న డాక్టర్లు మణికట్టు, మోచేయి, తుంటి ఎముక అంచు ఎక్స్‌రేలు తీసి, పళ్లు చూసి '18 నుంచి 20' అన్నారు. చాలామంది దీన్ని చూసి మేజర్ అని రాసేస్తారు. డాక్టర్ చెప్పింది పరీక్ష చేసిన రోజు వయసు. నేరం అంతకు 18 నెలల ముందు జరిగింది. వెనక్కి జరిపితే పదహారున్నర నుంచి పద్దెనిమిదిన్నర. పైగా ఎముకలు అతుక్కునే వయసు తిండిని, ఆరోగ్యాన్ని బట్టి మారుతుంది. ఎముకల పరీక్ష లెక్క అటూ ఇటూ రెండేళ్లు తేడా రావచ్చని జయమాల కేసులో 1982లో సుప్రీంకోర్టు గుర్తించింది. 18 గీత మీద కచ్చితంగా కోయగల కత్తి కాదు ఈ పరీక్ష. ఒకే సాక్ష్యం మీద రెండు అభిప్రాయాలకు తావుంటే, సరిహద్దు కేసుల్లో బాలుడి వైపే మొగ్గాలని రిషిపాల్ సింగ్ సోలంకి తీర్పు 2021లో చెప్పింది.

ఇప్పుడు ఫోరం, అంటే కేసు ఎవరి ముందు నడవాలన్నది. ఆధార్ తేదీని నమ్మితే కేసు మేజిస్ట్రేట్ ద్వారా సెషన్స్ కోర్టుకు వెళ్తుంది, శిక్ష యావజ్జీవం లేదా ఉరి. రిజిస్టర్ తేదీని నమ్మితే జువెనైల్ జస్టిస్ బోర్డు. హత్యకు కనీస శిక్షే యావజ్జీవం కాబట్టి అది హీనస్, అంటే అతి తీవ్రమైన నేరం, వయసు 16 నిండింది. అందుకని బోర్డు సెక్షన్ 15 కింద ప్రాథమిక అంచనా వేస్తుంది: మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, నేరం జరిగిన పరిస్థితులు. మొదటిసారి హాజరుపరిచిన నాటి నుంచి మూడు నెలల్లో ఇది ముగియాలి. పెద్దవాడిలా విచారించాలని తేలితే చిల్డ్రన్స్ కోర్టుకు పంపుతారు. అక్కడ కూడా ఉరి గానీ, విడుదలకు వీలులేని యావజ్జీవం గానీ వేయరాదు.

అదే రిజిస్టర్‌లో 1-9-2006 అని ఉంటే? నేరం నాటికి 15 ఏళ్ల 11 నెలల 13 రోజులు. పదహారుకు 18 రోజులు తక్కువ. ప్రాథమిక అంచనా అనే మాటే రాదు, చిల్డ్రన్స్ కోర్టుకు దారి లేదు. హత్య అయినా బోర్డే తేలుస్తుంది, స్పెషల్ హోమ్‌లో గరిష్ఠంగా మూడేళ్లు.

మొదట్లో ఎవరూ అడగక సెషన్స్ కోర్టులో శిక్ష పడిపోయినా, వయసు వాదన ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిశాక కూడా లేవనెత్తవచ్చు. బాలుడని తేలితే సెక్షన్ 9(3) కింద కోర్టు అతన్ని బోర్డుకు పంపాలి, వేసిన శిక్ష లేనట్టే. ఈలోగా అతను జైల్లో గడిపిన ఏళ్లు తిరిగిరావు. అందుకే రిమాండ్ నాడే మేజిస్ట్రేట్ 'ఏ బడిలో చదివావు' అని అడగాలి.