అసూయగా ఉందని మా ఆయనతో చెప్పేశాను

మా ఆయనకు ఆఫీసులో ఒక మంచి స్నేహితురాలు ఉంది. ఇద్దరిదీ ఒకే టీమ్. సాయంత్రం రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా ఒకే మెట్రోలో వస్తారు. నాకెప్పుడూ ఇబ్బంది అనిపించలేదు. ఈమధ్య వాళ్ల ఆఫీసు ఫ్యామిలీ డేకి వెళ్తే, ఆ అమ్మాయి నా ప్లేట్లో గులాబ్‌జామ్ వేస్తూ "పుణె వెళ్లడం మీకు ఓకేనా అక్కా?" అంది. పుణె సంగతి నాకు తెలిస్తేగా! నవ్వి ఊరుకున్నాను గానీ ఒళ్లంతా మండిపోయింది.

మా ఆడపడుచు ఫోన్ చూడమంది, ఆ పిల్లకి నాలుగు పెట్టమంది. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లు కాపురాలు కూల్చడానికే పుడతారు. ఫోన్ చూశామా, ఇక గొడవంతా ఫోన్ చూసినందుకే జరుగుతుంది, మన బాధ పక్కకు పోతుంది.

ఆదివారం టిఫిన్లయ్యాక, పాప కిందికి ఆడుకోవడానికి వెళ్లిన టైం చూసుకున్నాను.

మొదటి మాట పెగలడమే నరకం. పదేళ్ల కాపురం తర్వాత ఈ మాట అనాలంటే తల కొట్టేసినట్టుంటుంది. "పుణె విషయం నాకు ఆమె నోటి వెంట తెలిసింది. ఆ రోజు నుంచి నాకు అసూయగా ఉంది" అన్నాను. ఎప్పుడూ ఆమెతోనే ఉంటావు, నేనంటే లెక్కలేదు లాంటివి నోటిదాకా వచ్చినా మింగేశాను. అవి అంటే వాదనే మిగులుతుంది.

ఆయన మొహం మాడ్చుకుని "నన్ను అనుమానిస్తున్నావా?" అన్నాడు.

"లేదు. నువ్వు తప్పు చేశావని అనట్లేదు. నాకెలా ఉందో చెబుతున్నా."

చాలాసేపు మాట్లాడలేదు. ఆ మౌనం భరించలేక "సర్లే, వదిలేయ్" అనబోయి పళ్లు బిగబట్టాను. ఆఖరికి ఆయనే "అయితే మాట్లాడ్డం మానేయమంటావా?" అన్నాడు.

"వద్దు. నీ స్నేహం నీది. మన ఇంటికి సంబంధించింది ఏదైనా ముందు నాకు చెప్పు. కుదిరితే అన్నం తినేటప్పుడు ఫోన్ పక్కన పెట్టు."

పుణె ఆఫర్ ఇంకా ఖాయం కాలేదని, నేను కంగారు పడతానని దాచానని చెప్పాడు. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నాడు. ఫోన్ మాత్రం రిలీజ్ వారంలో కుదరదన్నాడు. సరే అన్నాను. కాదనే వీలు ఎదుటివాళ్లకు లేకపోతే అది అడగడం కాదు, హుకుం.

మెసేజ్‌లు చెరిపేస్తూ, ఎక్కడున్నాడో అబద్ధాలు చెప్పే మొగుడైతే ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ అసూయ గురించి కాదు, అబద్ధం గురించే నిలదీయాలి. మా ఇంట్లో ఆ పరిస్థితి లేదు. నిన్న పుణె ఆఫర్ లెటర్ వచ్చింది, ఇద్దరం కూర్చుని చదివాం. వెళ్లాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు.