నోటీసులు వెళ్లింది ఎవరి మెయిల్‌కి?

దిల్‌సుఖ్‌నగర్ బాబాయికి ఇన్‌కమ్ ట్యాక్స్ డిమాండ్ వచ్చాక గానీ తెలీలేదు, అసెస్‌మెంట్ ఎప్పుడో అయిపోయిందని. పోర్టల్ ప్రొఫైల్‌లో ఉన్నది పాత కన్సల్టెంట్ మెయిల్ ఐడీ. నోటీసులన్నీ అక్కడికే పోయాయి. జవాబు లేకపోయేసరికి సెక్షన్ 144 కింద ఏకపక్షంగా ఆర్డర్ వేసేశారు. ప్లాటు అమ్మిన సొమ్మంతా లాభమేనట! కొన్న ధర మినహాయించనే లేదు.

"ఆ ఆఫీసరు గారినే మళ్లీ వినమని అడుగుదాం రా" అన్నాడు బాబాయి. కానీ ఆర్డర్ ఇచ్చాక ఆయన దిద్దగలిగేది రికార్డులో కనిపించే పొరపాట్లే. అసలు దారి అప్పీలు. ఫారం 35, ఆర్డర్ అందిన 30 రోజుల్లో వెయ్యాలి. మాకు గడువు దాటింది కాబట్టి ఆలస్యం మన్నించమని కారణం రాశాం. ప్రొఫైల్‌లోని మెయిల్ స్క్రీన్‌షాట్, కొన్నప్పటి సేల్ డీడ్ జత చేశాం. 144 ఆర్డర్‌ను పక్కనపెట్టి మళ్లీ అసెస్‌మెంట్‌కి పంపే అధికారం 2024 అక్టోబరు 1 నుంచి అప్పీల్స్ కమిషనర్‌కి ఉంది. మేం కోరిందీ అదే.

అప్పీలు వేసినంత మాత్రాన వసూలు ఆగదు. స్టే విడిగా అడగాలి, దానికి మామూలుగా డిమాండ్‌లో 20 శాతం కట్టమంటారు. బాబాయి గొణుగుడంతా ఇప్పుడు ఆ 20 శాతం మీదే.