0.45 పెద్దదా, 0.6 పెద్దదా? బెల్లుకి ముందు ఐదు నిమిషాల చీటీ

ఆరో తరగతిలో దశాంశ సంఖ్యలు పోల్చడం చెప్పిన రోజు, పిల్లలకి ఎంత అందిందో చూడటానికి పీరియడ్ చివర చీటీ మీద నేను మొదట ఇచ్చిన ప్రశ్న ఇది: 0.5, 0.75 లలో ఏది పెద్దది? 40 మందిలో 36 మంది 0.75 అని సరిగ్గా రాశారు. మర్నాడు కూడికల్లోకి వెళ్లిపోయాను. అక్కడ గాని తెలియలేదు, ఆ 36 మందిలో చాలామంది తప్పు దారిలో నడిచి సరైన చోటికి చేరారని. వాళ్ల లెక్క ఏమిటంటే, పాయింట్ తర్వాత ఉన్నది మామూలు సంఖ్య. 75, 5 కంటే పెద్దది, కాబట్టి 0.75 పెద్దది. జవాబు ఒప్పే, కారణం తప్పు. నా ప్రశ్నకి ఆ రెండింటినీ విడదీసే శక్తి లేదు.

అప్పటి నుంచి చీటీ రాసేటప్పుడు మొదట రాసుకునేది ప్రశ్న కాదు, పిల్లల తప్పు సూత్రం. దశాంశాల్లో ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. మొదటిది ‘పొడుగైనదే పెద్దది’: పాయింట్ తర్వాత ఎక్కువ అంకెలుంటే ఆ సంఖ్యే పెద్దదనుకోవడం. రెండోది దానికి తలకిందులు, ‘పొట్టిదే పెద్దది’. ఇది ఎక్కువగా భిన్నాలు బాగానే విన్న పిల్లల్లో వస్తుంది. వందో వంతు కంటే పదో వంతు పెద్దదని వాళ్లకి తెలుసు. అందుకని పదో వంతుల దగ్గర ఆగిపోయిన సంఖ్య ఏదైనా, వందో వంతుల దాకా వెళ్లిన సంఖ్య కంటే పెద్దదే అయి తీరాలనుకుంటారు. ఎన్ని వంతులు ఉన్నాయన్నది చూడరు.

ఈ రెండు సూత్రాలనీ పక్కన పెట్టుకుని, ప్రతి ప్రశ్నకీ ఒక్కో సూత్రం ఏ జవాబు ఇస్తుందో ముందే రాసి చూడాలి. నా చీటీలో ఇప్పుడు మూడే జతలు ఉంటాయి. పెద్దదానికి సున్న చుట్టాలి, సమానమైతే మధ్యలో = పెట్టాలి.

అ) 0.6, 0.45
ఆ) 3.2, 3.57
ఇ) 1.5, 1.50

పొడుగు సూత్రం పట్టుకున్న బిడ్డ 0.45, 3.57, 1.50 కి సున్న చుడతాడు. పొట్టి సూత్రం వాడు 0.6, 3.2, 1.5 కి చుడతాడు. విషయం తెలిసినవాడు 0.6, 3.57 కి చుట్టి, మూడోదానికి = పెడతాడు. ‘అ’ ఒక్కటే ఇచ్చి ఉంటే పొట్టి సూత్రం వాళ్లు ఒప్పుల్లో కలిసిపోయేవాళ్లు. ‘ఆ’ ఒక్కటే ఇస్తే పొడుగు సూత్రం వాళ్లు కలిసిపోయేవాళ్లు. నా మొదటి ప్రశ్నకి జరిగింది అదే. రెండూ కలిపి ఇస్తేనే ఎవరు ఎటున్నారో తెలుస్తుంది. దీని కింద ఒకే ఒక వాక్యం అడుగుతాను: ‘అ’లో అదే ఎందుకు పెద్దది? తెలుగులో రాసినా ఇంగ్లీషులో రాసినా, బొమ్మ గీసినా సరే. మీడియం ఏదైనా, ఆరో తరగతి పిల్లలు కారణాన్ని ఇంట్లో మాట్లాడే మాటలోనే బయటపెడతారు.

అంకెలు ఎంచుకోవడంలో మూడు చోట్ల పొరపాటు పడ్డాను. ఒకసారి 0.6, 0.08 ఇచ్చాను. పాయింట్ పక్కనే సున్న ఉంటే విలువ తగ్గుతుందని మాత్రం గుర్తున్న పిల్లలు దాన్ని సరిగ్గా చేసేస్తారు, పొడుగు సూత్రం వాళ్లలో ఉన్నా బయటపడదు. ఇంకోసారి 0.8, 0.5 ఇచ్చాను. రెండూ ఒకే పొడుగు కాబట్టి ఏ సూత్రం వాడినా జవాబు ఒప్పే.

మూడోది నిత్యజీవితం నుంచి తీసుకుంటే మంచిదన్న ఉద్దేశంతో చేసిన తప్పు. మా విశాఖ పూర్ణా మార్కెట్‌లో తూకం లెక్క పెట్టాను. ఎలక్ట్రానిక్ కాటా మీద 0.600, 0.450 అని పడుతుంది. డబ్బుల్లో అయితే 12.50, 12.75. కాటా అయినా బిల్లయినా పాయింట్ తర్వాత స్థానాలు సమానంగానే చూపిస్తుంది, పొడుగు తేడాయే రాదు. అందుకే రోజూ బజారుకి వెళ్లే పిల్లలు కూడా ఈ పొరపాటుతో హాయిగా నెట్టుకొస్తారు. క్రికెట్ ఓవర్లు ఇంకా అన్యాయం: 4.5 ఓవర్ల తర్వాత ఒక బంతి పడితే 5. అక్కడ పాయింట్ పదో వంతుల్ని కాదు, బంతుల్ని చెబుతుంది. స్టేడియం ఉన్న ఊళ్లో ఆ ఉదాహరణ నోటిదాకా వస్తుంది గాని, దశాంశాల చీటీలోకి రానివ్వకూడదు.

కాగితం సంగతి చిన్నదే. ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిచి చించితే 8 చీటీలు, 40 మందికి 5 కాగితాలు. పక్కవాడి చీటీలోకి చూడకుండా రెండు రకాలు చేస్తాను. రెండో దాంట్లో 0.7, 0.38 / 5.64, 5.3 / 2.40, 2.4. అంకెలు మారాయి, రెండు, మూడు జతల్లో కుడి ఎడమలు కూడా మారాయి, పని మాత్రం అదే. ప్రశ్నలు బోర్డు మీద రాస్తాను, నోటితో చదవను. ఎందుకంటే మనం 0.45 ని ‘పాయింట్ నలభై ఐదు’ అని చదవడమే సగం జబ్బు. నలభై ఐదు అని చెవిన పడ్డాక ఆరు కంటే పెద్దదే అనిపిస్తుంది మరి. పాఠంలో కూడా ‘పాయింట్ నాలుగు ఐదు’ అనడం అలవాటు చేసుకున్నాను. మొదటి వారం నోరు తిరగలేదు.

మార్కులు వెయ్యను. మన బళ్లలో ‘ఫార్మేటివ్’ అనగానే పిల్లల బుర్రలో మెదిలేది రిజిస్టర్‌కెక్కే ఎఫ్.ఏ. మార్కులు. ఆ మాట వాడితే వెనక బెంచీ నుంచి ముందు బెంచీ దాకా చూచిరాతే. ‘చీటీ’ అంటాను, పేరు రాయించుకుంటాను, బెల్లుకి ఐదు నిమిషాల ముందు ఇస్తాను, గుమ్మం దగ్గర నించుని చేతికి తీసుకుంటాను. బల్ల మీద పెట్టమంటే సముద్రపు గాలికో ఫ్యానుకో సగం వరండాలో తేలతాయి. రబ్బర్‌బ్యాండ్ తప్పనిసరి.

విడదీయడానికి స్టాఫ్‌రూమ్‌లో 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. టిక్కులు, ఇంటూలు పెట్టకూడదు. మూడు జవాబులూ ఒకేసారి చూసి, అవి ఏ సూత్రానికి సరిపోతాయో ఆ కుప్పలో వెయ్యాలి. ఒక రోజు కుప్పలు ఇలా తేలాయి: సరైనవి 19, పొడుగు సూత్రం 13, పొట్టి సూత్రం 4, దేనికీ చెందనివి 4. మార్కుల లెక్కన చూస్తే పొడుగు వాళ్లకీ పొట్టి వాళ్లకీ మూడింటికి ఒకటే. ఒకేలా కనిపిస్తారు, కానీ చెప్పాల్సింది ఒకటి కాదు. ఆ కింద రాసిన వాక్యాలు చూడండి. పొడుగు కుప్పలో: ‘45 పెద్దది కదా 6 కంటే’. పొట్టి కుప్పలో: ‘పదో వంతు పెద్ద ముక్క, వందో వంతు చిన్న ముక్క’. రెండో బిడ్డ చెప్పింది నిజమే. ‘అ’లో జవాబు కూడా ఒప్పే. అదే వాక్యంతో ‘ఆ’లో తప్పు చేశాడు.

నాలుగో వంతు మంది కంటే ఎక్కువ ఒకే కుప్పలో ఉంటే మర్నాటి మొదటి 8 నిమిషాలు తరగతి మొత్తానికి, అంతకు తక్కువైతే మిగతావాళ్లు లెక్కలు చేసుకుంటుండగా ఆ కొద్దిమందికే. ఇది నేను పెట్టుకున్న కొలత, ఎక్కడా రాసి ఉన్నది కాదు. 13 అంటే మూడో వంతు దగ్గర, కాబట్టి అందరికీ. గళ్ల నోట్సులో అడ్డంగా 10, నిలువుగా 10 గళ్లు గీయించాను. మొత్తం చదరం 1, ఒక నిలువు వరుస పదో వంతు, ఒక గడి వందో వంతు. 0.6 అంటే ఆరు నిండు వరుసలు. 0.45 అంటే నాలుగు నిండు వరుసలు, ఐదో వరుసలో ఐదు గళ్లు. రంగు వేసేటప్పుడే, ఐదో వరుస సగంలో పెన్సిల్ ఆగినప్పుడు, చాలామందికి తెలిసిపోతుంది. పొట్టి సూత్రం ఉన్న నలుగురికి ఇదే చదరం మీద ఇంకో పని ఇచ్చాను: 0.57 కి రంగు వేసి, అందులో నిండు వరుసలు ఎన్నో లెక్కపెట్టమన్నాను. 57 చిన్న ముక్కల్లో ఐదు పెద్ద వరుసలు దాగి ఉన్నాయని, 0.2 లో ఉన్నవి రెండేనని వాళ్లే చూడాలి. దేనికీ చెందని నలుగురిని ఒక్కొక్కరిగా పిలిచి ‘ఈ సంఖ్య చదువు, ఏం ఆలోచించావో చెప్పు’ అంటే రెండేసి నిమిషాల్లో తేలుతుంది. ఇద్దరు ఊరికే చుట్టేశారు. ఒకడికి 1.50 తప్ప అన్నీ వచ్చు. ఇంకొకడు చిన్నదానికి చుట్టాలనుకున్నాడు.

ఇక్కడే ఒక అడ్డదారి ఉంది. ‘వెనక సున్న పెట్టి స్థానాలు సమానం చెయ్, 0.60, 0.45, ఇప్పుడు చూడు’ అంటే రెండు నిమిషాల్లో అందరూ ఒప్పులు రాస్తారు. నేనూ చెప్పాను. ఆ రోజు చీటీ చూస్తే కళ్లు చల్లబడ్డాయి. కానీ ఆ బిడ్డ చేస్తున్నది మళ్లీ 60, 45 లని మామూలు సంఖ్యలుగా పోల్చడమే. ఏ పొరపాటుని తీసేయాలనుకున్నామో దానికే మనం చేతికర్ర ఇచ్చాం. అందుకే సున్న పెట్టడం గళ్ల తర్వాతే చెబుతాను. రెండో రోజు చీటీలో పోలిక జత ఒకటే ఉంచి, రెండో ప్రశ్నగా ఇది ఇస్తాను: 0.6 కీ 0.7 కీ మధ్య ఒక సంఖ్య రాయి. లేకపోతే ‘లేదు’ అని రాయి.

ఈ ప్రశ్నకి సున్న చిట్కా నేరుగా తగలదు. జవాబులు నాలుగు రకాలుగా వస్తాయి. 0.65 లాంటివి ఒక కుప్ప. ‘లేదు’ అన్నవి ఇంకో కుప్ప. వీళ్లకి ఆరు తర్వాత ఏడే, అంటే పాయింట్ తర్వాతిది ఇంకా లెక్కపెట్టే సంఖ్యే. పోలిక ఒప్పు రాసి ఇక్కడ ‘లేదు’ అన్న చీటీ దొరికితే నేను నమ్మేది ఇక్కడి జవాబునే. మూడోది 0.8 లాంటి ఏదో ఒక అంకె, అంటే ‘మధ్య’ అన్న మాటే అందలేదు, వాళ్లకి సంఖ్యారేఖ మీద వేలు పెట్టి చూపించాలి. నాలుగోది 0.6.5. మొదటిసారి చూసినప్పుడు తప్పుల్లో పడేశాను, తర్వాత బయటికి తీశాను. మధ్యలో ఏదో ఉందని ఈ బిడ్డకి తెలుసు, ఎలా రాయాలో తెలియదు అంతే. మర్నాడు వాళ్ల చదరంలో ఏడో వరుసని ఒక్కదాన్నే పెద్దదిగా గీయించి, పది గళ్లుగా కోయించి, ఐదింటికి రంగు వేయించి, ‘ఇక్కడిదాకా ఎన్ని వందో వంతులు?’ అని అడిగితే రెండో పాయింట్‌ని వాళ్లే కొట్టేస్తారు.