నాలుగు రంగుల్లో కొమ్ము కొంగ: స్క్రీన్ ప్రింటింగ్ పని ఎంతవరకు వచ్చింది

మా పర్లాకిమిడి పనివారు కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ ఫోటోను 20 సెంటీమీటర్ల వెడల్పున స్క్రీన్ ప్రింటింగ్ చేసే పని ఒక దారికి వచ్చింది. వెలుగు పడినచోట ఆ కొమ్ము నలుపు నుంచి గోధుమ రంగుకు, అక్కడి నుంచి తేనె రంగుకు మెల్లగా మారుతుంది. ఆ మార్పునంతా పసుపు, ఇటుక ఎరుపు, నలుపు ఇంకులతోనూ, నాలుగో రంగుగా మీగడ రంగు కాగితంతోనూ చూపించాలి. ఒక్కో పిక్సెల్‌కు ఈ నాలుగింటిలో దగ్గరి రంగును ఇచ్చి, మిగిలిన తేడాను పక్క పిక్సెళ్లకు పంచే ఫ్లాయిడ్–స్టైన్‌బర్గ్ డిదరింగ్‌ను ఎంచుకున్నాను. తేడాలో 16వ వంతులుగా 7 భాగాలు కుడికి, 3 భాగాలు కింద ఎడమకు, 5 నేరుగా కిందికి, 1 కింద కుడికి వెళ్తాయి.

రంగుల ఎంపికను సాఫ్ట్‌వేర్‌కు వదలలేదు. మీడియన్ కట్ వంటి పద్ధతులు ఫోటోలోని రంగులను గుంపులు చేసి సగటు తీస్తాయి. ఆ సగటు రంగులు ఇంకు డబ్బాల్లో దొరకవు. అందుకే ప్రతి ఇంకునూ అదే కాగితం మీద చిన్న ముక్కగా అచ్చు వేసి, ఆరాక పగటి వెలుతురులో కాగితంతో కలిపి ఫోటో తీసి, ఆ విలువలనే పాలెట్‌గా పెట్టాను. ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువల్లో కాగితం 240, 228, 200 దగ్గర, నలుపు 38, 32, 32 దగ్గర తేలాయి.

ఆ రెండు విలువల్లోనే అసలు చిక్కు ఉంది. కొంగ వీపు మీది మెరుపు ఫోటోలో 255 ఉంటుంది, కానీ కాగితం కంటే తెల్లనిది ఏ ఇంకూ ఇవ్వలేదు. ఆ తీరని తేడా పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు పేరుకుంటూ పోయి, మెరుపుకు కుడివైపునా కిందా ఉండాల్సిన పసుపు చుక్కలను చెరిపేస్తుంది. మెరుపు వెనక తోకలాంటి ఖాళీ కనిపిస్తే కారణం ఇదేనని గుర్తించవచ్చు. డిదరింగ్‌కు ముందే ఫోటో మొత్తాన్ని నలుపు ఇంకుకూ కాగితానికీ మధ్యకు కుదిస్తే ఆ తోక పోతుంది.

```python
def lin(v):
    v = v / 255
    return np.where(v <= 0.04045, v / 12.92,
                    ((v + 0.055) / 1.055) ** 2.4)

K, P = lin(black), lin(paper)
a = K + lin(img) * (P - K)
```

ఇందులో `lin` చేసే పని కూడా ముఖ్యమైనదే. ఫైల్‌లోని 128 అనే బూడిద రంగు తెలుపులో సగం కాంతి కాదు, సుమారు 22 శాతమే. సగం కాంతి 188 దగ్గర వస్తుంది. ఫైల్ అంకెల మీదే నేరుగా డిదర్ చేస్తే 128కి సగం చుక్కలు తెల్లగా పడి, దూరం నుంచి చూసినప్పుడు ఆ భాగం 188లా వెలిసిపోయి కనిపిస్తుంది. అందుకే ఫోటోనూ పాలెట్‌నూ రెండింటినీ కాంతి విలువల్లోకి మార్చాకే దగ్గరి రంగును వెతకాలి, తేడాను పంచాలి.

చుక్క పరిమాణాన్ని 0.5 మిల్లీమీటర్లుగా పెట్టుకున్నాను, అంటే వెడల్పుకు 400 పిక్సెళ్లు. సెంటీమీటరుకు 77 దారాలున్న మెష్‌లో ఒక చుక్కకు దాదాపు నాలుగు దారాలు వస్తాయి కాబట్టి స్క్రీన్ కడిగేటప్పుడు అది నిలబడుతుంది. ఫోటోను ముందుగా 400కి తగ్గించి, డిదర్ చేశాక ప్రతి పిక్సెల్‌నూ ఆరింతలు చదరంగానే పెంచి 2400 చేయాలి. ఈ పెంపులో `NEAREST` కాక వేరేదేదైనా వాడితే చుక్కల అంచుల్లో కొత్త రంగులు పుడతాయి. JPEGలో దాచినా అంతే. ఆ తర్వాత ఒక్కో ఇంకుకు ఒక్కో నల్లటి ఫిల్మ్ తీయాలి.

కాగితం మీద కథ తిరగబడుతుంది. స్క్వీజీ ఒత్తిడికి ఇంకు పాకి, 0.5 మిల్లీమీటర్ల చుక్క భూతద్దంలో 0.6 దాకా కనిపించింది. వైశాల్యంలో 0.25 కాస్తా 0.36 అయిందంటే, విడిగా ఉన్న చుక్కలతో 25 శాతం నిండాల్సిన చోటు 36 శాతం నిండుతుంది. కొంగ రెక్కల కింద సన్నటి గీతలు పూడిపోవడానికి ఇదే కారణం. దీనికి మందు తెర మీద చూసి వేసే అంచనా కాదు. 10 నుంచి 90 శాతం దాకా ఉన్న మచ్చల పట్టీని అదే స్క్రీన్‌తో అచ్చు వేసి, ఏ మచ్చ ఎంత ముదిరిందో చూసుకుని, ఆ మేరకు `a` విలువలను డిదరింగ్‌కు ముందే పలచన చేయాలి.

ముందు పసుపు, తర్వాత ఇటుక ఎరుపు, చివర నలుపు వేస్తున్నాను. ఇలా వేస్తే కాగితం కొద్దిగా జరిగినా నలుపు చుక్క పసుపు మీద పడి నలుపుగానే ఉంటుంది. జరిగిన చోట కాగితం సన్నగా బయటపడటం మాత్రం ఇంకా మిగిలే ఉంది. పసుపు ఫిల్మ్‌లో ఒంటరి చుక్కలను కాక, నలుపుకు ఆనుకుని ఉన్న పసుపు భాగాలను మాత్రమే నలుపు వైపు పావు చుక్క మేర పెంచి చూడబోతున్నాను.