మే 1 సెలవు, పదకొండు మామిడి పెట్టెలు

ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర తెలుగువారు నడిపే ఒక కిరాణా దుకాణంలో ఆన్‌లైన్ అమ్మకాలు చూసుకోవడం నా ఉద్యోగం. ఏటా విమానంలో వచ్చే బంగినపల్లి పెట్టెలను, అవి దిగక ముందే వెబ్‌సైట్‌లో అమ్ముతాం. పెట్టెలు తక్కువ, అడిగేవారు ఎక్కువ, పైగా పండు నిలవ ఉండదు. అందువల్ల డబ్బు రాని ఆర్డర్ కోసం పెట్టెను ఎంతకాలం ఆపి ఉంచాలన్నది మాకు ప్రతి సీజన్‌లోనూ ఎదురయ్యే ప్రశ్న.

మా సైట్ వూకామర్స్ అనే ఆన్‌లైన్ దుకాణాల సాఫ్ట్‌వేర్‌పై నడుస్తుంది. కార్టులో వేసినంత మాత్రాన అది సరుకును ఎవరికీ కేటాయించదు. కార్టులో వేసి వెళ్ళిపోయేవారే ఎక్కువ కాబట్టి అలా ఉండడమే మేలు. ఆర్డర్ పెట్టి చెల్లింపు పేజీకి వెళ్ళినప్పుడు అది `pending` అవుతుంది, అప్పుడే సరుకు ఆగుతుంది. `Hold stock (minutes)` అనే సెట్టింగ్‌లో మామూలుగా ఉండే 60 నిమిషాలు దాటితే ఆర్డర్ రద్దయి సరుకు తిరిగి అమ్మకానికి వస్తుంది. కార్డుతో కట్టేవారికి ఆ గంట చాలు.

చిక్కంతా ఫోర్‌కాసెతో వచ్చింది. ముందుగా బ్యాంకు ద్వారా డబ్బు పంపితే, అది అందాక సరుకు ఇచ్చే పద్ధతిని జర్మనీలో అలా అంటారు. ఇలాంటి ఆర్డర్ `on-hold` స్థితిలోకి వెళుతుంది, దానికి ఆ 60 నిమిషాల నియమం వర్తించదు. 2022లో వీటిని ఎవరూ రద్దు చేయకపోవడంతో, డబ్బు రాని పెట్టెలు గోదాములోనే మెత్తబడిపోయాయి. అందుకని మరుసటి ఏడాది, 72 గంటలు దాటిన ఆర్డర్లను తనంతట తానే రద్దు చేసే చిన్న ప్రోగ్రామ్ రాశాను. హైదరాబాదులో యూపీఐకి అలవాటు పడిన నాకు మూడు రోజులంటే కావలసినంత సమయమనిపించింది.

2023 ఏప్రిల్ 28, శుక్రవారం సాయంత్రం ఏడింటికల్లా నలభై పెట్టెలూ అమ్ముడయ్యాయి. వాటిలో పదకొండు ఫోర్‌కాసె ఆర్డర్లు. శని, ఆదివారాల్లో మామూలు బ్యాంకు బదిలీలు కదలవు, సోమవారం మే 1 సెలవు. శుక్రవారం రాత్రి పంపిన డబ్బును బ్యాంకు మంగళవారం అందిన ఆదేశంగా లెక్కిస్తుంది, మా ఖాతాలో బుధవారం నాటికి జమ చేస్తుంది. నా ప్రోగ్రామ్ మాత్రం సోమవారం సాయంత్రం ఏడింటికే పదకొండు పెట్టెలనూ విడుదల చేసింది. సెలవు రోజున ఇంట్లో ఉన్నవారు వాటిలో ఎనిమిదింటిని కార్డుతో కొనేశారు. బుధవారం ఖాతా చూస్తే, ఆ పదకొండు మందిలో తొమ్మిది మంది డబ్బు వచ్చి ఉంది. మిగిలినవి మూడు పెట్టెలు.

"బాబూ, శుక్రవారం రాత్రి తొమ్మిదింటికే పంపాను. బ్యాంకు యాప్‌లో పోయినట్టే చూపిస్తోంది. రద్దయిందంటారేమిటి?" అని ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. కూతురు నిండు చూలాలనీ, ఆ పిల్ల మామిడిపండు అడిగి నెల దాటిందనీ చెప్పారు. తప్పు మాదేనని ఒప్పుకుని, మిగిలిన మూడింటిలో ఒకటి ఆమెకు ఇచ్చాం. ఆరుగురికి మాత్రం డబ్బు వాపసు చేయక తప్పలేదు.

ఆ తరువాత గడువును గంటల్లో లెక్కించడం మానేశాను. ఆర్డర్ పెట్టిన రోజు కాక, రెండు బ్యాంకు పనిదినాలు పూర్తి కావాలి. ఆ మర్నాటి ఉదయం ఖాతా వివరాలను ఆర్డర్లతో సరిపోల్చడం పూర్తయిందని మాలో ఒకరు గుర్తు పెట్టాకే విడుదల జరగాలి. ఈ రెండో షరతు ముఖ్యమైనది, ఎందుకంటే బదిలీ వివరంలో ఆర్డర్ నంబరుకు బదులు "మామిడి" అని మాత్రమే రాసేవారున్నారు. వారి డబ్బు వచ్చినా ప్రోగ్రామ్ గుర్తించలేదు, మనిషి కూర్చుని పేరునూ మొత్తాన్నీ పోల్చి చూడాలి. ఈ లెక్కన ఆ శుక్రవారపు ఆర్డర్ల గడువు గురువారం, మే 4 ఉదయానికి ముగిసేది. పండ్లు దిగడానికి నాలుగు పనిదినాల కంటే తక్కువ ఉంటే ఇప్పుడు ఫోర్‌కాసెను చెల్లింపు పేజీలో చూపించడమే లేదు.

మరో లోపం పరీక్షిస్తున్నప్పుడు బయటపడింది. ప్రోగ్రామ్ రద్దు చేస్తున్న క్షణంలోనే కౌంటర్‌లోని అమ్మాయి అదే ఆర్డర్‌కు డబ్బు అందినట్టు నమోదు చేస్తే, పెట్టె ఇటు అమ్మినట్టూ అటు ఇంకా అమ్మకానికి ఉన్నట్టూ తేలుతుంది. ఈ ఆర్డర్లకు నేను విడిగా పెట్టుకున్న పట్టికలో ఇలా అడ్డుకట్ట వేశాను:

```sql
UPDATE reservations
SET status = 'released'
WHERE id = 4127 AND status = 'held';
```

ఒక వరుస మారితేనే సరుకు సంఖ్యను పెంచుతాం. ఏ వరుసా మారలేదంటే ఎవరో ముందే డబ్బు నమోదు చేశారన్నమాట, అప్పుడు దాన్ని ముట్టుకోము. డబ్బు నమోదు చేసే వైపు కూడా `held` ఉంటేనే `paid`గా మారుతుంది.

2025 అక్టోబర్ 9 నుంచి యూరో దేశాల్లోని బ్యాంకులు పది సెకన్లలో చేరే బదిలీని సెలవు రోజుల్లో కూడా ఇవ్వాలి, దానికి మామూలు బదిలీ కంటే ఎక్కువ రుసుము తీసుకోకూడదు. అయినా కొనేవారు మామూలు బదిలీనే ఎంచుకోవచ్చు. వారు ఏది ఎంచుకున్నారో డబ్బు చేరేదాకా మాకు తెలియదు కనుక, రెండు పనిదినాల గడువును ఇంకా తగ్గించలేదు.