చంద్రుడి మీద స్ప్రింగు: నా ప్రాక్టికల్ వైవా

నిన్న హనుమకొండలో మా డిగ్రీ ఫిజిక్స్ ప్రాక్టికల్స్ అయిపోయాయి. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను. రికార్డు సంతకం, హాల్‌టికెట్, చీటీ తీయడం అన్నీ సాఫీగానే జరిగాయి. నాకు నిలువు స్ప్రింగు ప్రయోగం వచ్చింది. 200 గ్రాములు తగిలిస్తే స్ప్రింగు 9.8 సెంటీమీటర్లు సాగింది. కొంచెం కిందికి లాగి వదిలితే 20 డోలనాలకు 12.9 సెకన్లు పట్టింది.

వైవాలో ఎక్స్‌టర్నల్ సారు, "దీన్ని చంద్రుడి మీదికి తీస్కపోతే ఆవర్తన కాలం ఏమైతది?" అని అడిగారు.

"మారదు సార్."

నేను రాసిన T = 2π√(x₀/g) మీద పెన్నుతో టకటకా కొట్టారు. "మరి ఈ g ఏంది? ఫార్ములాల g పెట్టుకొని మారదంటవా?" అంటూ పక్క టేబుళ్లకు వినబడేలా నవ్వారు. నేను నోరు తెరిచేలోపే నెక్స్ట్ రోల్ నంబర్ పిలిచారు.

ఆయన విననిది ఇక్కడ చెప్తాను. ఆ ఫార్ములాలో x₀ అంటే బరువు వల్ల వచ్చిన సాగుదల. అది స్థిరం కాదు. k అంటే స్ప్రింగు గట్టిదనం, m అంటే ద్రవ్యరాశి, g అంటే గురుత్వ త్వరణం; mg = kx₀ కాబట్టి x₀ కూడా g తోపాటే మారుతుంది. చంద్రుడి మీద g 1.62 అయితే, ఇదే స్ప్రింగు 1.62 సెంటీమీటర్లే సాగుతుంది. x₀ ని మీటర్లలో పెడితే x₀/g అక్కడా ఇక్కడా 0.01 వస్తుంది. T రెండు చోట్లా 0.628 సెకన్లే.

అసలు కారణం ఇంకా సులువు. గురుత్వం చేసేదల్లా బరువు ఆగే చోటును కిందికి జరపడమే. అక్కడ స్ప్రింగు లాగుడు, బరువు సరిసమానం. ఇంకో x కిందికి లాగితే స్ప్రింగు k(x₀+x) బలంతో పైకి లాగుతుంది. బరువు మాత్రం పైనా కిందా అదే mg. రెండూ కొట్టేస్తే మిగిలేది kx. వెనక్కి తెచ్చే బలంలో గురుత్వం లేదు కాబట్టి T తేలేది m, k లతోనే. లఘులోలకం కథ వేరు. దాన్ని వెనక్కి తెచ్చేదే గురుత్వం, అందుకే అది చంద్రుడి మీద నెమ్మదిస్తుంది.

ఆ సారు నిజంగా పట్టుకోవాల్సింది వేరే ఉంది. లెక్క ప్రకారం 20 డోలనాలకు 12.6 సెకన్లు రావాలి, నాకు 12.9 ఎందుకొచ్చింది? స్ప్రింగు కూడా ఊగుతుంది కదా. దాని బరువు 30 గ్రాములు, అందులో మూడో వంతు కలిపి 210 గ్రాములతో లెక్కేస్తే సరిగ్గా 12.9 వస్తుంది. అది అడిగితే ఆయనకు దండం పెట్టేవాణ్ణి.

జూనియర్లూ, పేపరు మీద x₀/g రాయకండి, 2π√(m/k) రాయండి. k ని బరువు-సాగుదల గ్రాఫ్ నుంచి తీయండి. బరువులన్నీ తీసేశాక ముల్లు మొదటి గీతకు రాకపోతే ఆ స్ప్రింగు సాగిపోయినట్టే, గ్రాఫ్ నమ్మలేం. అటెండర్ గొణిగినా సరే, ఇంకొకటి ఇమ్మని అడగండి.