పదకొండు తాళంచెవులు

ఇల్లు అద్దెకిచ్చాను. ఈ మధ్యాహ్నమే తాళాలు అప్పజెప్పి వచ్చాను, కోపం ఇంకా చల్లారలేదు.

రంగులు వేయించడం, అగ్రిమెంటు రాయించడం ఇట్టే అయిపోయాయి. ఇల్లింకా ఆయన పేరు మీదే ఉంది కాబట్టి నాతో పాటు పిల్లలిద్దరి చేతా సంతకాలు పెట్టించాను.

చిక్కంతా గుమ్మం దగ్గరే వచ్చింది. ఆయన గుత్తిలో పదకొండు తాళంచెవులు. ఇన్నేళ్లూ తలుపు తీసిందీ ఆయనే, వేసిందీ ఆయనే. ఏది దేనిదో నేనెప్పుడూ అడగలేదు. ఒక్కొక్కటే దూర్చి చూస్తుంటే, అద్దెకొచ్చిన అమ్మాయి చంకలో బిడ్డను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుంటూ నిలబడింది. ఏడోది దూరింది, కానీ తిరగలేదు.

"మగవాళ్లెవరైనా ఉంటే పిలవండి మామ్మగారూ" అన్నాడు బ్రోకరు.

పైగా నా చేతిలోంచి లాక్కుని బలంగా తిప్పబోయాడు. అది వంగుతోంది. విరిగి లోపలే ఉండిపోతే తాళం మొత్తం మార్చాల్సి రావొచ్చు. "వదులు బాబూ" అని గట్టిగానే అన్నాను. మొహం చిన్నబుచ్చుకున్నాడు. చిన్నబుచ్చుకోనీ.

అప్పుడు ఆయన వెనకాల సంచులతో నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి. ఎడమచేత్తో పిడి పట్టుకుని తలుపు కాస్త పైకెత్తి, తనవైపు లాక్కుని అప్పుడు తిప్పేవారు. నేనూ అలాగే చేశాను. టక్కున వచ్చింది! తలుపు బరువుకి మడతబందులు వదులై కిందికి జారింది. గడి చట్రం కన్నంలో ఒరుసుకుంటోందన్నమాట. తప్పు తాళంచెవిది కాదు. పిడి ఎత్తితే తేలిగ్గా తిరిగిందంటే తాళం బాగానే ఉన్నట్టు, బందుల మరలు బిగించుకోవాలి. బ్రోకరుకి ఈ సంగతి తెలీదు, నాకు తెలుసు.

బ్రోకరు నూనె వేద్దామన్నాడు. వద్దన్నాను. నూనెకి దుమ్ము అంటుకుని లోపల జిగురు కడుతుంది. ఆయన పెన్సిల్ ములుకు పొడి చేసి తాళంచెవికి రాసేవారు.

తర్వాత కూర్చుని ప్రతి తాళంచెవికీ చీటీ కట్టాం. తొమ్మిదింటికి తాళాలు దొరికాయి. ఎన్ని ఇచ్చానో, ఆ రోజు కరెంటు మీటరు అంకె ఎంతో రెండు కాగితాల మీద రాసి నేనూ ఆ అమ్మాయీ సంతకం పెట్టాం. మీరూ ఇది మానకండి, ఖాళీ చేసేటప్పుడు వచ్చే గొడవ ఇక్కడే. వీధి తలుపు రెండో తాళంచెవి నా దగ్గరుంటుందని, వాళ్లకి చెప్పకుండా రానని కూడా అందులోనే రాశాను.

దేనికీ పట్టని ఆ రెండూ నాతో తెచ్చుకున్నాను.

ఇప్పుడే ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "మామ్మగారూ, తలుపు రావట్లేదండీ."

"ఎడమచేత్తో పైకెత్తి, నీవైపు లాక్కుని తిప్పమ్మా."

టక్కుమన్న చప్పుడు ఫోన్లో నాకూ వినిపించింది.